చావింట ఆదుకున్న పక్కింటివాళ్లకు నాలుగు మాటలు ఎలా రాయాలి?

ప్రశ్న అడిగినావిడ: గత నెల మా నాన్నగారు పోయారు. పెద్దకర్మ అయ్యింది. అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో పెట్టడానికి ఇలా రాశాను, చూడండి: "మా నాన్నగారు స్వర్గస్థులైన సందర్భంగా తమ అమూల్యమైన సమయాన్ని వెచ్చించి సహకరించిన అందరికీ పేరుపేరునా హృదయపూర్వక ధన్యవాదాలు." చదువుతుంటే ఏదో తేడాగా ఉంది.

హైదరాబాద్ కుర్రాడు: ధన్యవాదాలు హిందీ మాటండీ. కృతజ్ఞతలు అనండి, అది మన తెలుగు.

రిటైర్డ్ తెలుగు మాస్టారు: రెండూ సంస్కృతమే నాయనా. అయితే ఇక్కడ కృతజ్ఞతలే నయం, ధన్యవాదాలు మైకులో విని విని సభ చివరి మాటైపోయింది. అసలు తేడా అక్కడ లేదమ్మా. "సందర్భంగా", "అమూల్యమైన సమయం" ముఖ్య అతిథికి చెప్పేవి. పేరుపేరునా అన్నారు, ఒక్క పేరూ లేదు. ఎవరేం చేశారో చెప్పండి.

ప్రశ్న అడిగినావిడ: రెండో అంతస్తు వాళ్లు మూడు రోజులు భోజనం పంపారు. ఎదురింటాయన ఫ్రీజర్ బాక్స్ తెప్పించి, రాత్రంతా మా తమ్ముడితో కూర్చున్నారు.

గుంటూరు నుంచి ఒకాయన: ఫ్లెక్సీకైతే పైన "అశ్రునివాళి", కింద ఫొటో, తేదీలు పెట్టిస్తే చాలు. మా బాబాయికి అలాగే చేయించాం.

మాస్టారు: ఆవిడ అడిగింది ఫ్లెక్సీ గురించి కాదండీ. అమ్మా, ఇలా ఉంటే ఎలా ఉంటుందో చూడండి:

"మా నాన్నగారు కన్నుమూసిన రోజు నుంచి పెద్దకర్మ దాకా మీరంతా మాకు తోడుగా ఉన్నారు. మా ఇంట్లో పొయ్యి వెలగని మూడు రోజులూ రెండో అంతస్తు నుంచే అన్నం వచ్చింది. ఎదురింటివారు ఫ్రీజర్ బాక్స్ తెప్పించి, ఆ రాత్రంతా మాతోనే కూర్చున్నారు. మీ అందరికీ మా కుటుంబం తరఫున కృతజ్ఞతలు."

మీ అపార్ట్‌మెంట్‌లో అన్ని మతాలవాళ్లూ ఉంటారు కదా, అందుకే "స్వర్గస్థులు" తీసి "కన్నుమూసిన" అన్నాను. మీ వాళ్లు పోయారు కాబట్టి మీకు నచ్చితే అదే ఉంచుకోవచ్చు, తప్పేం లేదు.

డల్లాస్‌లో ఉంటున్నావిడ: చివర్లో "మీ రుణం తీర్చుకోలేనిది" అని కలిపితే?

మాస్టారు: నాకైతే బరువుగా అనిపిస్తుంది. రుణం అంటే తీర్చాలన్న లెక్క వస్తుంది.

గుంటూరాయన: మా వైపు ఆ మాట అనకపోతేనే వెలితి. పెద్దవాళ్లు అదే అంటారు.

కరీంనగర్ నుంచి ఒకామె: మా అమ్మ పోయినప్పుడు ఇలాగే మెసేజ్ పెడితే పక్కింటి అత్తమ్మ బాధపడింది. "మాకు థ్యాంక్సులేంది బిడ్డా, మేం పరాయోళ్లమా?" అంది. నాకప్పుడు ఏం చెప్పాలో తెలియలేదు.

మాస్టారు: దగ్గరివాళ్లింటికి ముందు మనిషిగా వెళ్లి రావాలి, మెసేజ్ తర్వాత. పెద్దకర్మ కాకముందు ఎవరింటికీ వెళ్లకూడదంటారు కానీ, మీకు అది అయిపోయింది కదా.

ప్రశ్న అడిగినావిడ: సరే మాస్టారూ. రుణం మాట పెట్టడం లేదు, అమ్మ కలపమంటే మాత్రం కలుపుతాను. మా వాచ్‌మన్ గ్రూపులో లేడు. పాడె కట్టడానికి వెదురు తెచ్చింది అతనే. అతనికి సాయంత్రం కిందికి వెళ్లి చెప్పి వస్తాను.