మీడియా కిట్‌లో రేటు రాయాలా, వద్దా?

మారతహళ్లి_రుచులు: బెంగళూరులోని ఆంధ్ర మెస్‌ల మీద తెలుగులో రీల్స్ చేస్తాను. ఇన్‌స్టాగ్రామ్‌లో 14,200 మంది ఫాలోవర్లు. హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో ఒక కేఫ్ వాళ్లు నా పేజీ లెక్కలు, పాత పనులు చూపించే మీడియా కిట్ పంపమన్నారు. రెండు పేజీలు తయారు చేశాను. సగటు రీచ్ 22,540 అని వేశాను. రీల్‌కు 12,000 అని కూడా రాయాలా, ఖాళీగా వదిలేయాలా?

బీటీఎం_బావ: రాసేయండి, సందేహమే వద్దు. మొదట్లో నేను రేటు లేకుండానే పంపేవాణ్ణి. అవతలివాళ్లు "మీరే చెప్పండి" అనేవారు, నేను భయపడి తక్కువ చెప్పేవాణ్ణి. రాయడం మొదలుపెట్టాక చాలామంది జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లతో మాత్రం రెండు మెసేజ్‌లలో పని తేలిపోయింది. వెయ్యి మంది ఫాలోవర్లకు వెయ్యి రూపాయల లెక్కన 14,000 అడగండి.

కోరమంగళ_ప్లానర్: ఆరేళ్లుగా ఏజెన్సీలో ఇలాంటి కిట్‌లు చూసే పని నాది. బావగారు రేటు గురించి చెప్పింది సగం ఒప్పుకుంటాను, ఫాలోవర్ల లెక్క మాత్రం ఒప్పుకోను. అమ్మా, ముందు ఆ 22,540 ఎలా వచ్చిందో చెప్పు. చివరి పది రీల్స్ రీచ్ ఇక్కడ రాస్తావా?

మారతహళ్లి_రుచులు: 4,100, 3,800, 5,200, 4,600, 3,900, 1,86,000, 4,400, 5,000, 3,600, 4,800. ఆ లక్షా ఎనభై ఆరు వేలది గోంగూర మటన్ రీల్ అండి.

కోరమంగళ_ప్లానర్: అదీ సంగతి. ఆ ఒక్క రీల్ తీసేస్తే మిగతా తొమ్మిదిలో ఏదీ 5,200 దాటలేదు. అన్నింటినీ చిన్నదాని నుంచి పెద్దదాకా వరుసగా పెట్టి, మధ్యలో ఉన్న రెండింటిని, అంటే 4,400, 4,600 తీసుకో. రెండూ కలిపి సగం చేస్తే 4,500. నీ మామూలు రీల్ చేరేది అంతమందికే. కేఫ్ వాళ్లు నీ పేజీ తెరిచి వ్యూస్ చూస్తారు. కిట్‌లో 22,540 అని ఉండి, కళ్ల ముందు వరుసగా నాలుగైదు వేలు కనిపిస్తే, ఆ తర్వాత నువ్వు రాసిన ఏ అంకెనూ నమ్మరు. గోంగూర రీల్‌ను దాచొద్దు, "ఎక్కువగా వెళ్లిన రీల్" అని విడిగా చూపించు.

ఇంకో మాట. ఇన్‌సైట్స్‌లో ఊళ్ల వారీ లెక్క ఉంటుంది. బెంగళూరు వాటా ఎంత?

మారతహళ్లి_రుచులు: 31 శాతం. హైదరాబాద్ 22. మిగతాది విజయవాడ, గుంటూరు, ఇంకా చిన్న ఊళ్లు.

కోరమంగళ_ప్లానర్: 4,500లో 31 శాతం అంటే సుమారు 1,400 మంది. కేఫ్‌కు వచ్చి కూర్చోగలిగేది వాళ్లే. గుంటూరులో చూసిన మనిషి హెచ్‌ఎస్‌ఆర్‌కు కాఫీకి రాడు కదా. అదే అన్ని ఊళ్లకూ కొరియర్ చేసే పచ్చళ్ల వాళ్లయితే మొత్తం 4,500 మందీ లెక్కలోకి వస్తారు. నీ రీల్ ఒకటే, కానీ ఇద్దరికీ దాని విలువ ఒకటి కాదు. అందుకే అందరికీ వెళ్లే కిట్‌లో ఒకే రేటు వేయొద్దంటాను. ఊళ్ల స్క్రీన్‌షాట్ తేదీతో సహా పెట్టు, రేటు మెయిల్‌లో రాయి.

బీటీఎం_బావ: అంటే మనిషిని బట్టి ధర చెప్పమంటారా? పక్క కేఫ్‌కు తక్కువకు చేసిందని తెలిస్తే ఏం సమాధానం చెబుతుంది? చిన్నవాళ్లకు రాసిపెట్టిన రేటే అండ సార్.

వైట్‌ఫీల్డ్_అక్క: నా అనుభవం చెబుతాను. కిట్‌లో "రీల్‌కు 8,000" అని ఒక్క ముక్కే రాశాను. ఒక వంటసామాన్ల బ్రాండ్ ఆ డబ్బిచ్చి, నా రీల్‌నే ఐదు నెలలు ప్రకటనగా నడిపింది. ఆపమంటే "మీ కిట్‌లో అలా లేదు కదా" అన్నారు. ఎంత ఏడ్చానో! రేటు రాస్తే దాని పక్కనే రాయి తల్లీ: ఒక రీల్, ఒకసారి మార్పులు, నా పేజీలో మాత్రమే. ప్రకటనగా వాడుకుంటే నెలకు వేరే.

కోరమంగళ_ప్లానర్: అక్క చెప్పింది అక్షరాలా నిజం. రాసేటట్టయితే "ఇంత నుంచి మొదలు" అని, దానిలో ఏం వస్తుందో చెప్పి రాయి. పాత పనుల పేజీలో కూడా డబ్బు తీసుకున్నది, ఉచితంగా తిని చేసింది, నీ డబ్బుతో తిన్నది విడివిడిగా పెట్టు. మేం ఫోన్ చేసి అడుగుతాం.

మారతహళ్లి_రుచులు: ఏడు పేర్లు రాశాను, డబ్బిచ్చింది ఇద్దరే. మిగతా ఐదింటిలో నాలుగు నేనే బిల్లు కట్టి తిన్నవి, వాటిని తీసేశాను. మిగిలిన దాని పక్కన "భోజనం ఉచితం" అని రాశాను. 22,540 బదులు 4,500 పెట్టాను, ఊళ్ల స్క్రీన్‌షాట్ చేర్చాను. కేఫ్‌కు మెయిల్‌లో 6,000 అన్నాను, అక్క చెప్పిన షరతులతో. కిట్‌లో రేటు గడి ఇంకా ఖాళీగానే ఉంది.

బీటీఎం_బావ: 6,000 తక్కువండీ. గడి నింపండి.