ప్యాడా, క్లాత్ ప్యాడా, కప్పా: ఏడాది లెక్కలో ఏది నయం?

సిరి_వరంగల్: నాకు, చెల్లికి కలిపి నెలనెలా ప్యాడ్లకే బోలెడు పోతోంది. క్లాత్‌వి కొనాలా, కప్పు కొనాలా? ఎక్కువ బ్లీడింగ్‌కి ఏది ఆగుతుంది, ఏ మార్కు చూడాలి?

గోదారి_పిల్ల: ఆగడం అంటే ప్యాడే అక్కా. గ్లాసుతో నీళ్ళు పోసి చూశా, అంతా జెల్ అయిపోయింది, కప్పులో పట్టేది ఓ 25 ఎమ్మెల్ అంతే కదా.

నీలవేణి_ల్యాబ్: నీళ్ళతో చూస్తే తేడా తెలీదమ్మా. ప్యాడ్‌లో ఉండే జెల్ పొడి మామూలు నీటిని విపరీతంగా పీలుస్తుంది గానీ ఉప్పు కలిసిందంటే ఆ శక్తి చాలా తగ్గిపోతుంది, రక్తంలో ఉప్పుతో పాటు కణాలు, ప్రొటీన్లు కూడా ఉంటాయి, చిక్కగా ఉంటుంది. 2023లో అమెరికాలో ఒరెగాన్ వాళ్ళు రక్తకణాలతోనే కొలిస్తే ప్యాడ్లు, కప్పులు, టాంపాన్లు సుమారుగా 20 నుంచి 50 ఎమ్మెల్ మధ్యే తేలాయి. పైగా కప్పు పీల్చదు, పట్టి ఉంచుతుంది, గీతలున్నది కొంటే ఎంత పోతోందో కొలుచుకోవచ్చు. ఒక పీరియడ్‌లో మొత్తం 80 ఎమ్మెల్ దాటుతుంటే ప్యాడ్ మార్చడం కాదు, డాక్టర్‌కి చూపించుకోవాలి.

హాస్టల్_రూమ్‌మేట్: నాకు ప్యాడ్‌తో ఒకటే దద్దుర్లు, క్లాత్‌కి మారాక తగ్గాయి. కానీ వానాకాలంలో ఆరవు, ఆరేయడానికి చోటుండదు.

నీలవేణి_ల్యాబ్: సరిగ్గా ఆరకపోతే వాడొద్దు. కంఫర్ట్ లాంటి లిక్విడ్ వేసి ఉతికినా బట్ట పీల్చే గుణం తగ్గుతుంది, చల్లనీళ్ళలో నానబెట్టి మామూలు సబ్బు చాలు.

మార్కు సంగతి సిరీ, మామూలు ప్యాడ్‌కి ఐఎస్ 5405, ఉతికి వాడేదానికి ఐఎస్ 17514. ఐఎస్‌ఐ గుర్తు కింద సీఎం/ఎల్ నంబరు ఉంటుంది, బీఐఎస్ కేర్ యాప్‌లో కొట్టి చూడండి. కప్పు డబ్బా మీద ఎఫ్‌డీఏ రిజిస్టర్డ్ అని ఉంటే ఆ కంపెనీ పేరు నమోదైందని మాత్రమే, ఆ కప్పు మంచిదని ఎవరూ ఆమోదించినట్టు కాదు. మెడికల్ గ్రేడ్ సిలికాన్ అంటే ఆ టెస్ట్ రిపోర్ట్ చూపించమని అడగండి.

గోదారి_పిల్ల: సరే, మరి డబ్బు?

నీలవేణి_ల్యాబ్: నెలకి 20 ప్యాడ్లు, ఒక్కోటి 8 రూపాయలు అనుకుంటే ఒక్కరికి ఏడాదికి 1,920. క్లాత్‌వి 250 చొప్పున ఆరు కొంటే 1,500, రెండేళ్ళొస్తే ఏడాదికి 750. కప్పు 400 పెడితే కొన్నేళ్ళు వస్తుంది, కానీ ఎవరిది వాళ్ళకే, మీ ఇద్దరికీ రెండు కావాలి.

సిరి_వరంగల్: చెల్లి కప్పు అంటేనే భయపడుతోంది అక్కా.

హాస్టల్_రూమ్‌మేట్: నేనూ అంతే, బలవంతం చేయకు. క్లాత్ రెండు కొని రాత్రిపూట వాడమను ముందు.

గోదారి_పిల్ల: నేనైతే రాత్రికి ప్యాడే అంటా, క్లాత్ పక్కలకి కారుతుంది.

నీలవేణి_ల్యాబ్: పొడుగు, రెక్కలు సరిపోతే అంతలా కారదు, ఎక్కువ పోయే రోజుల్లో మాత్రం చెప్పలేం. అన్నట్టు కాపర్-టీ ఉన్నవాళ్ళు డాక్టర్‌ని అడగకుండా కప్పు పెట్టుకోవద్దు, తీసేటప్పుడు కప్పు పీల్చి లాగితే కాపర్-టీ ఉన్నచోటు నుంచి పక్కకి జరగొచ్చు.