62కే పెన్షన్ తీసుకుంటూ పనిచేస్తే చెక్కులు ఆపేస్తారా?

గోదారి_గట్టు (న్యూజెర్సీ): నాకు 63. కిందటేడు 62 నిండగానే సోషల్ సెక్యూరిటీ పెన్షన్ మొదలుపెట్టాను, నెలకు 1,300 డాలర్లు. 2025లో ఒక స్టోర్‌లో పనికి చేరాను. ఏడాదికి 36,000 వస్తుందని ముందే చెప్పాను. జనవరి నుంచి మే దాకా చెక్కులు రావని లెటర్ వచ్చింది. ఆ డబ్బు పోయినట్టేనా?

ఎడిసన్_అల్లుడు: ఏమీ పోదు అంకుల్. పూర్తి పెన్షన్ వయసు 67 రాగానే ఆపినదంతా ఒకేసారి చెక్కుగా ఇచ్చేస్తారు.

లెక్కల_మాస్టారు: ఒకేసారి ఏ చెక్కూ రాదు. ముందు ఎందుకు ఆగిందో చూడండి. ఆయన వయసు వాళ్ళకి 2025లో పరిమితి 23,400. జీతం దాన్ని 12,600 దాటింది. దాటిన ప్రతి రెండు డాలర్లకీ ఒకటి ఆపుతారు, అంటే 6,300. నెలనెలా కొంచెం కొంచెం కోయరు, ఏడాది మొదటి నుంచి పూర్తి చెక్కులే ఆపుతారు. ఐదు చెక్కులంటే 6,500 కదా, ఎక్కువ పట్టుకున్న 200 వచ్చే ఏడాది ఇస్తారు. జూన్ నుంచి 1,300 మామూలే.

బెజవాడ_బాబాయ్: మా దగ్గర రిటైరైన లెక్చరర్లు ప్రైవేటు కాలేజీల్లో పాఠాలు చెప్పుకుంటున్నారు, పెన్షన్‌లో పైసా తగ్గదు. మీకెందుకయ్యా ఈ గొడవ?

రెండు_ఇళ్ళాయన: నాకు అద్దె వస్తుంది. అదీ కలుపుతారా?

లెక్కల_మాస్టారు: కలపరు. జీతం, సొంత వ్యాపారం మీద లాభం, ఇవే లెక్క. అద్దె, వడ్డీ, 401కె సొమ్ము రావు.

రెండో_షిఫ్ట్: మాస్టారూ, లెక్కలు బాగానే చెబుతారు. మా అన్నయ్యకి టాక్స్ చూసే మనిషి ‘ఏమీ చెప్పక్కర్లేదు’ అన్నాడు. ఏడాదంతా చెక్కులు తీసుకున్నాడు. తర్వాత ఎక్కువ ఇచ్చాం, వెనక్కి కట్టమని లెటర్. అప్పటికి డబ్బు ఖర్చయిపోయింది. పని చేసేవాడికి ఇది శిక్ష కాకపోతే ఏంటి?

లెక్కల_మాస్టారు: ఆదాయం ముందు చెప్పకపోవడం వేరే సంగతి. ఇక్కడ ఆయన చెప్పారు కాబట్టే ముందే ఆగింది. 67 నిండిన నెల నుంచి ఎంత సంపాదించినా ఆపరు. ఆగిన నెలల్ని అప్పుడు లెక్కలోకి తీసుకుని పెన్షన్ పెంచుతారు.

రెండో_షిఫ్ట్: ఎంత పెంచుతారు? అది చెప్పకుండా తిప్పుతున్నారు.

లెక్కల_మాస్టారు: తిప్పేదేముంది. 67కి 60 నెలల ముందు తీసుకున్నారు కాబట్టి 30 శాతం కోత పడింది. కోత లేకపోతే 1,857 వచ్చేది. ఏటా ఐదు నెలల చొప్పున నాలుగేళ్లు ఆగితే 20 నెలలు. అప్పుడు 40 నెలల ముందు తీసుకున్నట్టే లెక్క, కోత 21.67 శాతానికి తగ్గుతుంది. ఏటా పెరిగే ధరల సర్దుబాటు వదిలేస్తే, నెలకు సుమారు 1,455.

రెండో_షిఫ్ట్: అంటే 25,200 ఆపి, నెలకు 155 చొప్పున తిరిగిస్తారు. నేనే భాగించాను. పదమూడున్నరేళ్ళు! 80 దాటాలి. అన్నయ్య 71కి పోయాడు. ఆయనకేం తిరిగొచ్చింది? మీరు ఐటీలో రిటైరై ఇంట్లో కూర్చుని ‘తాత్కాలికం’ అంటారు. కౌంటర్ దగ్గర నిలబడే వాడికి ఇవాళ చెక్కు కావాలి.

లెక్కల_మాస్టారు: మీ అన్నయ్యగారి సంగతి బాధాకరం. నా జీతం మీకెందుకు? 90 దాకా బతికితే మీకు తక్కువ చెక్కు కావాలా?

ఎడిసన్_అల్లుడు: మెల్లగా అండీ ఇద్దరూ.

రెండో_షిఫ్ట్: నాకు కావలసింది వేరే. 62కి నేను తీసుకుంటానని నిర్ణయించుకున్నాక, ముసలితనానికి దాచుకొమ్మని వీళ్ళెవరు చెప్పడానికి?

లెక్కల_మాస్టారు: ఆ మాట ముందే అనాల్సింది. నేను ఒప్పుకోను. జీతం ఉన్నన్నాళ్ళు వాయిదా పడితేనే మంచిదంటాను. పైగా మనలాంటి వాళ్ళకి ఇంకోటుంది. పెన్షన్ 35 ఏళ్ల సంపాదన మీద కడతారు. నడివయసులో ఇక్కడికి వచ్చినవాళ్ళకి అన్నేళ్లు ఉండవు, ఖాళీ ఏళ్లకి సున్నాలే. ఇప్పటి 36,000 అలాంటి ఒక సున్నా స్థానంలోకి వెళ్తుంది.

రెండు_ఇళ్ళాయన: అద్దె మా ఆవిడ పేరు మీద ఉంటేనో?

గోదారి_గట్టు: నేను 1998లో వచ్చాను, నాకు సున్నాలు చాలానే ఉంటాయి. ఇంకోటి, డిసెంబరులో ఓవర్‌టైమ్ చేయమంటున్నారు. ఇంకో 2,000 వస్తుంది.

లెక్కల_మాస్టారు: అయితే ఇంకో 1,000 ఆగుతుంది. పాత అంచనా మారిందని ఇప్పుడే ఫోన్ చేసి చెప్పండి. లేకపోతే షిఫ్ట్ గారి అన్నయ్యకి వచ్చిన లెటరే వస్తుంది.

రెండో_షిఫ్ట్: ఓవర్‌టైమ్‌లో సగం ఆపితే ఎవడు చేస్తాడు? వద్దనండి.

గోదారి_గట్టు: వద్దంటే జనవరి నుంచి గంటలు తగ్గిస్తాడు ఓనర్.