460 పుస్తకాల కంటే 500 పుస్తకాలే చవక అవుతున్నాయి, శ్లాబు ఎలా సరిచేయాలి?

నమస్తే అండి. మాది విజయనగరంలో నోటుపుస్తకాల చిన్న యూనిట్. రూళ్ల లాంగ్ బుక్కు వంద లోపు 26 రూపాయలు, వంద నుంచి 24, ఐదొందల నుంచి మొత్తానికీ 22 అని రేటు కాగితం కొట్టించాను. తప్పు అక్కడే జరిగిందనుకుంటా.

మొన్న రాజాం షాపాయన 460 అడిగాడు. 24 చొప్పున 11,040 అయింది. ఆయన కాలిక్యులేటర్ నొక్కి, "ఐదొందలు రాసెయ్యండి, 11,000 ఏ కదా" అన్నాడు. 40 పుస్తకాలు ఎక్కువిచ్చి 40 రూపాయలు తక్కువ తీసుకున్నాను! పది రోజులకి ఆ నలభై వాపసు పంపి, 22 చొప్పున 880 తగ్గించమంటున్నాడు.

మొదటి ఐదొందలకి 24, ఆ పైవాటికే 22 అని మారిస్తే ఈ గొడవ ఉండదు. కానీ 800 కొనే స్కూలుకి 17,600 బిల్లు 18,600 అవుతుంది, వాళ్లు ఊరుకోరు. పోనీ పాత పద్ధతే ఉంచి, సరుకు వాపసొస్తే మిగిలిన లెక్కకి తగ్గ శ్లాబు రేటే పడుతుందని బిల్లు మీద రాస్తే షాపులవాళ్లు ఒప్పుకుంటారా? ఈ వ్యాపారంలో ఉన్నవాళ్లు మీరేం చేస్తున్నారో చెప్పండి. జూన్ ఆర్డర్ల లోపు కొత్త కాగితం కొట్టించాలి.