రాజీనామా ఈమెయిల్‌లో తప్పులు దిద్దాలి, కానీ నా మాట తీరు పోకూడదు

నేను సాఫ్ట్‌వేర్ డెవలపర్‌ని. మేనేజర్‌కు పంపవలసిన ఇంగ్లీషు రాజీనామా లేఖను మిత్రుడొకరు పూర్తిగా తిరగరాయగా, అది హెచ్ఆర్ నమూనాలా తయారైంది.

‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ 2021’ అన్నచోట ‘హ్యావ్ బీన్ వర్కింగ్’ అనీ, ‘డిస్కస్డ్ అబౌట్ దిస్ విత్ యూ’లో ‘అబౌట్’ తీసేసీ సరిచేయడం సమంజసమే. అయితే ‘ఐ లర్న్‌డ్ టు రీడ్ అదర్స్ కోడ్ హియర్’ అనే నా వాక్యాన్ని తొలగించి, ‘అమూల్యమైన అవకాశానికి కృతజ్ఞతలు’ అనే అర్థమిచ్చే వాక్యం పెట్టడం నాకు రుచించలేదు. దానిలో ‘అదర్స్’ పక్కన అపాస్ట్రఫీ చేరిస్తే సరిపోదా?

‘ఐ విల్ బి రిలీవింగ్ ఆన్ 30 జూన్’ అన్నదాన్ని ‘రిలీవ్డ్’గా మారిస్తే తేదీని సంస్థే నిర్ణయించినట్లు ధ్వనిస్తుందేమో, ‘మై లాస్ట్ వర్కింగ్ డే విల్ బి 30 జూన్’ అనడం మేలా? దయచేసి తెలియజేయగలరు.