అప్‌డేట్: క్రష్ గురించి ఒరాకిల్ కార్డులు, ‘లెట్ గో’ సంగతి తేలింది

అప్పుడు నేను అడిగింది: “నా ఒరాకిల్ డెక్‌లో కార్డుకో చిన్న మెసేజ్ తప్ప అర్థాల పుస్తకం లేదు. క్రష్ గురించి తీస్తే ‘లెట్ గో’ వచ్చింది. అతన్ని వదిలేయమనా?”

జవాబులిచ్చినవాళ్లందరికీ థాంక్స్. పనికొచ్చింది, కార్డు తీయకముందే, కార్డు పెట్టే ఒక్కో స్థానానికి ఒక ప్రశ్న రాసిపెట్టుకోమన్న సలహా. టారోలో 78 కార్డులకూ వాడుకలో స్థిరపడిన అర్థాలుంటాయి. ఇలాంటి డెక్‌లో ఆ ఆధారం ఉండదు కాబట్టి మెసేజ్ దేని గురించో ప్రశ్నే చెప్పాలి.

“అతని మనసులో ఏముంది?” అన్నది పక్కన పెట్టాను, అది ఏ కార్డుకూ తెలియదు. దాని బదులు “నన్ను ఆపుతున్నదాన్ని ఏం చేయాలి?”, “నేను చేయగలిగిందేంటి?” అని రాశాను. మొదటి చోట మళ్లీ ‘లెట్ గో’నే! కానీ ఈసారి వదలాల్సింది అతన్ని కాదు, కాదంటాడేమోనన్న భయాన్ని. రెండో చోట ‘ఆస్క్’.

రాయగడ స్టేషన్ బయట టీ తాగుతూ అడిగేశాను. పర్లాకిమిడిలో వేరే అమ్మాయి ఉందట. బాధేసింది, టెన్షన్ మాత్రం పోయింది.

తలకిందులుగా వచ్చిన కార్డు, పౌర్ణమి, సాంబ్రాణి పొగ, ఇవేవీ తేడా చేయలేదు. వేరే డెక్ పుస్తకంలోని అర్థాలు అరువు తెచ్చుకోవడం అయితే ఇంకా గందరగోళం.