నివేదికలో లయ, శ్రుతి, వంత: ఏది ఎక్కడ పెట్టాలి?

ముసాయిదా: మా సంస్థ లోపలి పత్రికకు ఒక ప్రాజెక్టు మీద చిన్న రిపోర్టు రాశాను. పై అధికారి చదివి "ఇది పొగడ్తా, తిట్టా?" అని వెనక్కి పంపారు. టెంపో, హార్మనీ, కోరస్ అని మనసులో అనుకున్న చోటల్లా సంగీతం మాటలు తెలుగులో పెట్టాను, అంతే. ఆ నాలుగు వాక్యాలు ఇవి:

"రెండో నెల నుంచి ప్రాజెక్టు లయ పెరిగింది. డిజైన్, టెస్టింగ్ బృందాల మధ్య శ్రుతి పెరిగింది. కొత్త షెడ్యూలుకు అందరూ వంత పాడారు. ముగింపు సమావేశంలో అపశ్రుతి చోటుచేసుకుంది, ప్రొజెక్టర్ పనిచేయలేదు."

ఎక్కడ తేడా కొట్టింది?

చక్రం: టెంపో అని మాత్రం రాయకండి, సగం మంది సరుకుల బండి అనుకుంటారు. ఆ బండి పేరు హాంబర్గ్‌లోని ఒక జర్మన్ కంపెనీ బ్రాండు, బజాజ్ టెంపో ద్వారా మన రోడ్ల మీదకి వచ్చింది. ఇంతకీ మీ ప్రాజెక్టులో రవాణా ఉందా? ఉంటే "వాహనం" అని రాసేయండి.

ముసాయిదా: రవాణా లేదండీ. పని వేగం గురించే.

పాతప్రతి: చాలా ఏళ్లు డెస్కులో పనిచేశాను కాబట్టి చెబుతున్నా. మీరు ఎంచుకున్న మాటలకంటే, వాటి పక్కన పెట్టిన క్రియలతోనే ఎక్కువ చిక్కు. లయ కుదురుతుంది, తప్పుతుంది. పెరగదు. శ్రుతి కలుస్తుంది, తప్పుతుంది. అదే శ్రుతి "మించితే" వ్యవహారం హద్దు దాటినట్టు. మీరు "పెరిగింది" అన్నారు, చదివేవాళ్ల చెవికి "మించింది" అన్నట్టే వినబడుతుంది. రెండు బృందాలూ కొట్టుకున్నాయేమో అని మీ అధికారికి అనుమానం వచ్చి ఉంటుంది.

ఇక వంత పాడటం. అది పచ్చి తిట్టు. సొంత ఆలోచన లేకుండా పెద్దవాళ్లు ఏమంటే అది అన్నారని అర్థం. "తందానా అన్నారు" అని రాసినా ఇంతకంటే ఘాటుగా ఉండదు.

గూగ్లీ: శ్రుతి అంటే పిచ్ కదా, పిచ్ పెరగడం సంగీతంలో తప్పేం కాదే! క్రికెట్ పిచ్ కూడా ఈ పిచ్ నుంచే వచ్చింది.

తంబురా: సగం ఒప్పుకుంటా. శ్రుతి పెంచుకోవడం పాటలో మామూలే. ఒకటో శ్రుతిలో పాడేవాళ్లు ఒకటిన్నరకి వెళ్తారు. కానీ అక్కడ శ్రుతి అంటే పాడేవాడు ఎంచుకున్న ఆధార షడ్జం, అంటే మూలంగా పెట్టుకున్న 'స', తంబురా వదలకుండా మోగించేది. ప్రతి స్వరానికీ ఉండే ఎత్తు వేరే, దాన్ని స్థాయి అంటే సరిపోతుంది. ఎవరైనా కోపంతో గొంతు పెంచితే పెరిగేది స్థాయే. క్రికెట్ పిచ్ మాటకొస్తే, దానికీ సంగీతానికీ చుట్టరికం కలపక్కర్లేదు. అది వికెట్లను నేలలో పాతడం నుంచి వచ్చింది.

లయ విషయంలో పాతప్రతి గారు కాస్త గట్టిగా చెప్పారనిపిస్తోంది. విలంబ లయ, మధ్య లయ, ద్రుత లయ అని మేం వేగానికీ లయే అంటాం. బయటి వాడుకలో మాత్రం ఆయన మాటే నిలుస్తుంది.

మా దగ్గర వేగానికి ఇంకో మాట కూడా ఉంది: కాలం. ఒక వరసను ఒకటో కాలంలో పాడి, తర్వాత రెండో కాలంలో పాడతాం. అప్పుడు చేత్తో వేసే తాళం వేగం మారదు. ఒక్కో దెబ్బకి పలికే స్వరాలే రెండింతలవుతాయి. మీ ప్రాజెక్టులో జరిగింది ఇదేనా? వారానికొక సమీక్ష అలాగే ఉండి, రెండు సమీక్షల మధ్య పూర్తయ్యే పని రెట్టింపయిందా? లేక సమీక్షలే దగ్గర దగ్గరగా పెట్టారా? రెంటికీ ఒకే మాట సరిపోదు.

ముసాయిదా: మొదటిదే. సమీక్ష ప్రతి సోమవారమే. మధ్యలో పని పెరిగింది.

నైట్‌డ్యూటీ: నేను కార్డియాలజీ వార్డులో నర్సుని. మాకు రేటు, రిథమ్ కలిసిపోతే కుదరదు. ఈసీజీ చూసి రెండూ విడిగా రాస్తాం. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లకి నిమిషానికి 60 నుంచి 100 వరకు మామూలు రేటు. ఒకరికి 80 ఉందనుకోండి, రేటు బాగానే ఉంది. కానీ ఒక దెబ్బకీ ఇంకో దెబ్బకీ మధ్య ఎడం ఒక్కోసారి ఒక్కోలా ఉందంటే అది ఏట్రియల్ ఫిబ్రిలేషన్ కావచ్చు. వేగం సరే, లయ తప్పింది. అటువైపు, మెట్లెక్కి వచ్చినవాళ్లకి 120 ఉన్నా లయ సవ్యంగానే ఉంటుంది. "గుండె లయ పెరిగింది" అని వార్డులో ఎవరైనా రాస్తే, దాన్నిబట్టి ఏం చేయాలో మాకు అర్థం కాదు.

పాతప్రతి: ఇంతకన్నా బాగా చెప్పలేం. "జోరందుకుంది" అంటే వేగం, "లయ కుదిరింది" అంటే ఒక క్రమం ఏర్పడింది. ముసాయిదా గారికి కావలసింది మొదటిది.

డప్పు: వంత పాడటాన్ని తిట్టంటున్నారు కానీ, బుర్రకథలో వంతలు లేకపోతే కథే లేదు. కథకుడు మధ్యలో, చెరో పక్క ఒక వంత. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. హాస్యం చెప్పే వంత కథకుడిని ఆపి ప్రశ్నలేస్తాడు, ఎగతాళి చేస్తాడు. ఊరికే తల ఊపేవాడు కాదు. ఈ మాటకి చెడ్డపేరు ఎలా వచ్చిందో గానీ నాకు కష్టంగా ఉంటుంది.

పాతప్రతి: న్యాయమైన బాధే. కానీ పత్రికలో మీ బాధ ఫుట్‌నోటుగా వేయలేం కదా. అందరూ ఇష్టపడే ఒప్పుకున్నారంటే "గొంతు కలిపారు" చాలు. "ముక్తకంఠంతో" అంటే కొంచెం సభ వాసన. "ఏకగ్రీవంగా" అనేది మాత్రం ఓటో తీర్మానమో ఉంటేనే రాయండి.

గూగ్లీ: హార్మనీకి సామరస్యం ఉంది కదా, అది పెట్టేస్తే పోలేదా?

తంబురా: పెట్టొచ్చు. అది సంగీతం మాట కాదు, అంతే. పలు స్వరాలు ఒకేసారి పలికి కలవడం మన సంప్రదాయ గానంలో ప్రధానం కాదు, అందుకే పాటలో హార్మనీని హార్మనీ అనే అంటున్నాం. నిజానికి గ్రీకులో కూడా ఆ మాట మొదట వడ్రంగి అతుకులకి, కూర్పుకి వాడిందే. సంగీతంలోకి తర్వాత వచ్చింది.

ముసాయిదా: ఇప్పుడిలా మార్చాను:

"రెండో నెల నుంచి పని జోరందుకుంది. సోమవారం సమీక్షలు మారకుండానే, రెండు సమీక్షల మధ్య దాదాపు రెట్టింపు పని పూర్తయింది. డిజైన్, టెస్టింగ్ బృందాలకు శ్రుతి కలిసింది. కొత్త షెడ్యూలుకు అందరూ గొంతు కలిపారు. ముగింపు సమావేశంలో ఒక చిన్న అపశ్రుతి, ప్రొజెక్టర్ పనిచేయలేదు."

పాతప్రతి: చివరి వాక్యం తప్ప అంతా బాగుంది. "ఉత్సవంలో అపశ్రుతి" అనే హెడ్డింగ్ కింద ఎలాంటి వార్త ఉంటుందో మీకు తెలుసు. తొక్కిసలాటో, కరెంటు షాకో. చదివేవాళ్లు ముందు ఎవరికి దెబ్బ తగిలిందో అని వెతుకుతారు.

తంబురా: అది పత్రికలు చేసిన పని. అపశ్రుతి అంటే శ్రుతికి కలవని స్వరం, అంతవరకే. ప్రొజెక్టర్‌కి సరిగ్గా సరిపోతుంది, పైగా "చిన్న" అని పెట్టారు కదా.

పాతప్రతి: పెట్టినా నేనైతే కొట్టేస్తాను. "ప్రొజెక్టర్ మొరాయించింది" అంటే ఏం పోయింది?

డప్పు: నా ఓటు తంబురా గారికే.

ముసాయిదా: రెండూ రాసి మా అధికారికే పంపుతున్నా. ఆయన ఏది ఉంచితే అది.